మామగారు లిఫ్టులో, అల్లుళ్ళు మేడ మీద

మామగారికి ఇద్దరల్లుళ్ళు. ఇద్దరిదీ లిఫ్టుల పనే. అయినా పెద్దల్లుడు వస్తే ఆయన కుర్చీలోంచి లేచేవారు, చిన్నల్లుడు వస్తే కుర్చీ కాలు ఊగుతోంది చూడమనేవారు. పెద్దల్లుడు వేలమంది పనిచేసే కంపెనీలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. చిన్నల్లుడు ఎనిమిదేళ్ళుగా ఉన్న కంపెనీలో మొత్తం నలుగురు. అందులో ఒకరు యజమాని, ఇంకొకరు ఫోనెత్తే ఆయన చెల్లెలు. యజమానికి జ్వరమొస్తే కంపెనీకి సెలవు.

చిన్నల్లుడు మోటార్లు విప్పాడు, ఇనుప తాళ్ళు మార్చాడు, తిట్లూ తిన్నాడు. పెద్దల్లుడిది తలుపుల విభాగం, అందులోనూ తాళాలు మాత్రమే. మోటారు గురించి అడిగితే "అది మూడో అంతస్తు వాళ్ళు చూస్తారు" అనేవాడు.

ఇప్పుడా పెద్ద కంపెనీ నుంచే చిన్నల్లుడికి ఉద్యోగానికి పిలుపొచ్చింది. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. భార్యకు ఏడో నెల, ఆసుపత్రి కార్డు ఇచ్చే కంపెనీ అంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అతనికి మాత్రం భయం. తననూ ఒక తాళం ముందు కూర్చోబెడితే చేతులు పని మర్చిపోవూ?

శనివారం అందరూ మామగారింట్లో భోజనానికి చేరారు. పాల ప్యాకెట్టు కోసం కిందికెళ్ళిన మామగారు తిరిగొస్తుంటే లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల్నుంచి కేక వినపడింది.

"పెద్ద కంపెనీ అల్లుడు గారిని పిలవండి!"

ఇద్దరూ మేడ మీది మోటారు గదికి పరుగెత్తారు. పెద్దల్లుడు గదంతా బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఈ లిఫ్టు తలుపు తాళం మీద నలభై పేజీలు రాశాడు గానీ మోటారు గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు. చిన్నల్లుడు గోడకున్న కరెంటు డబ్బా తెరిచి చూసి, జేబులోంచి ఎర్ర వైరు ముక్క తీశాడు.

"తలుపు తాళం స్విచ్చి సరిగ్గా తగలట్లేదన్నయ్యా. ఈ వైరు అడ్డం పెట్టామంటే రెండు నిమిషాల్లో కదులుతుంది."

పెద్దల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు తమ్ముడూ! అది పెడితే తలుపు తెరిచున్నా మూసున్నట్టే అనుకుని కదిలిపోతుంది. మావయ్యగారు అప్పుడే బయటికి కాలు పెడితే?"

"మేమెప్పుడూ ఇలాగే చేస్తాం."

"ఎవరు నేర్పారు?"

"మా సార్."

"ఆయనకెవరు నేర్పారు?"

చిన్నల్లుడు వైరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పెద్దల్లుడు ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. మెయిన్ స్విచ్చి ఆపాలి, లోపలున్న మనిషికి చెప్పాలి, అన్ని అంతస్తుల్లో తలుపులు మూసున్నాయో లేదో చూడాలి, తర్వాత బ్రేకు చేత్తో మెల్లిగా వదలాలి. అవన్నీ అయ్యాక బ్రేకు దగ్గర ఆగిపోయాడు.

"దానికో లివరుండాలి. బొమ్మలో ఎడమవైపు ఉంది."

చిన్నల్లుడు గోడకున్న లివరు తీసి తగిలించాడు. పెద్దల్లుడు ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. "మావయ్యా, మిమ్మల్ని కిందికి దించుతున్నాం!"

"పైకెళ్తారు," అన్నాడు చిన్నల్లుడు. "ఒక్కరే కదా ఉన్నది, తాడు అవతలి కొసన వేలాడే బరువే ఎక్కువ."

పెద్దల్లుడు ఆ మాట గబగబా జేబు పుస్తకంలో రాసుకున్నాడు.

మూడో అంతస్తు దగ్గర తలుపు తెరవగానే మామగారు బయటికొచ్చి పెద్దల్లుడి చెయ్యి పట్టి ఊపేశారు. "పెద్ద కంపెనీ అంటే పెద్ద కంపెనీయే!" తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగారు. "మీరు కాస్త ఆ పాల ప్యాకెట్టు అందుకోండి."

అందరూ నవ్వారు. చిన్నల్లుడికి అన్నం మాత్రం సహించలేదు.

"అన్నయ్యా, పనయ్యాక ఆ వైరు తీయడం మర్చిపోతే?"

"లిఫ్టు మహా బాగా నడుస్తుంది. ఒక్క ఫిర్యాదు కూడా రాదు. ఎవరో పడిపోయిన రోజే తెలుస్తుంది. అందుకే మా దగ్గర ఒకరు పెట్టింది ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. నేనూ ఆ సంతకాలు ఒట్టి తతంగమే అనుకునేవాణ్ణి."

ఆదివారం చిన్నల్లుడు తను వైరు పెట్టినట్టు గుర్తున్న పదకొండు భవనాలకూ వెళ్ళాడు. టార్చి పట్టుకుని పెద్దల్లుడూ వెంట నడిచాడు. పదింటిలో ఏమీ లేదు. పదకొండోది, అయిదు నెలలుగా ఒక్క ఫిర్యాదూ రాలేదని యజమాని వీపు తట్టిన లిఫ్టు. డబ్బా తెరిస్తే ఎర్ర వైరు అక్కడే ఉంది. కింద ఎవరో పిల్లలు నవ్వుకుంటూ లిఫ్టెక్కుతున్నారు.

చిన్నల్లుడు ముందు కరెంటు ఆపించి, పిల్లల్ని దింపించాడు. వైరు పీకి, తాళం స్విచ్చి కొత్తది బిగించాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. పెద్దల్లుడు స్విచ్చిని తను ఇంకోసారి పరీక్షించి, సరేనన్నాడు.

మెట్లు దిగుతూ పెద్దల్లుడు హెచ్చరించాడు. "ఉద్యోగానికి భద్రత ఉంటుందనుకుని రాకు తమ్ముడూ. పోయినేడు మా పక్క విభాగం మొత్తాన్ని ఒక్క ఉత్తరంతో ఇంటికి పంపారు. వాళ్ళలో సగంమందికి ఇంకో పని రాదు."

"నాకు పని వచ్చులే," అన్నాడు చిన్నల్లుడు.

సోమవారం పెద్ద కంపెనీలో ఒకావిడ ఏ విభాగం కావాలని అడిగింది.

"ఏదైనా సరే మేడమ్," అన్నాడతను. "నేను చేసింది ఇంకొకరు చూసే చోట వెయ్యండి."