నల్లటి చేయి, పసుపు వెలుగు

నా మనవరాలు బోరబండ తెలుగు బడి నుంచి మాదాపూర్ ఇంగ్లీషు బడికి మారిన ఏడాది అది. మాట్లాడితే నవ్వుతారని క్లాసులో నోరు విప్పేది కాదు. చరిత్ర టీచరు ఒకనాడు చేతికో ఫోటో ఇచ్చి, దీన్ని క్లాసుకు నువ్వే, తెలుగులోనైనా సరే, వివరించాలని చెప్పింది. ఎక్కడో దూరదేశంలో, పాత యుద్ధం నాటి గోడ పోస్టరుకు తీసిన ఫోటో.

ముందురోజు సాయంత్రం దాన్ని నాకు చూపించింది. తల్లి ఒళ్లో పసిపాప, వాళ్ల మీద పసుపు వెలుగు. పైనుంచి గోళ్లున్న పెద్ద నల్లటి చేయి వాళ్ల మీదికి వంగుతోంది. అడుగున ఎర్ర అక్షరాలను తనే చదివి చెప్పింది: యుద్ధ బాండ్లు కొనండి! బాండ్లంటే యుద్ధం ఖర్చుకు జనం సర్కారుకిచ్చే అప్పు కాగితాలట.

"అయ్యో, పిల్లను జర పక్కకు తియ్యవే!" అన్నాను.

"నానమ్మా, అది బొమ్మనే!"

"బొమ్మైతే నా గుండె ఎందుకు కొట్టుకుంటుందే? ఆ బాండ్లు యాడ దొరుకుతయంట?"

"ఓయమ్మా! బఠాణీలకు పైసలియ్యవు గని బాండ్లు కొంటవా?"

ఉడుక్కున్నాను. నాచేత పైస తీయించే బొమ్మ సంగతేమిటో తేలాల్సిందే! అగ్గిపెట్టెతో ఆ చేతిని మూశాం. భయం పోయింది. పాపను మూశాం. జాలి పోయింది. బొమ్మ గుట్టు దొరికిందని ఇద్దరం ఎగిరి గంతేసినంత పని చేశాం.

నేను రాకపోతే తను పోనని మొండికేయడంతో మర్నాడు నేనూ వెళ్లాను. టీచరు తలుపు దగ్గర కుర్చీ వేయించింది. మనవరాలు ఫోటోను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"ఏంది, క్యాలెండర్ అమ్మొచ్చినవా?" అంది వెనక బెంచీ పిల్ల. క్లాసంతా నవ్వింది.

మనవరాలు నా వైపు చూసింది. కానియ్యమన్నట్టు కళ్లెర్రజేశాను. అంతే, నేరుగా ఆ వెనక బెంచీకే నడిచి, చేయి బొమ్మను వేళ్లతో మూసింది.

"ఇప్పుడేమున్నది?"

"అమ్మ, పాప."

వేళ్లు తీసింది. వెనక బెంచీ పిల్ల తల వెనక్కి లాక్కుంది.

"చూసినవా! ఈ చేతికి మొకం లేదు. నువ్వు ఎవరికి భయపడితే వాళ్ల మొకమే పెట్టుకుంటవ్. పాప అమ్మ దిక్కు చూస్తలేదు, మన దిక్కే చూస్తుంది. యాడ నిలబడ్డా మననే అడిగినట్లుంటది. పసుపు ఇంట్ల దీపం లెక్క. నలుపు అంచుల నుంచి దాన్ని మింగుతుంది. ఎరుపు వెలిసి ఇటుక రంగైంది గని, కొత్తగున్నప్పుడు గోడ మీద మండి ఉంటది. ముందు భయపెట్టి, ఎంబడే కింద దారి చూపిస్తరు: కొను, పాప బతుకుతది!"

"నాక్కూడా కొనాలనే అనిపిస్తోందమ్మా" అంది టీచరు.

"మరి యుద్ధం ఎందుకొచ్చిందో ఇందుల యాడన్న రాసున్నదా మేడమ్? అవతలోళ్లకు పిల్లలు లేరా?"

అందరూ ఫోటో మీదికి వంగి వెతికారు. ఎక్కడా లేదు. క్లాసు ఒక్కసారిగా గోలెత్తిపోయింది. "నాకియ్యి, నేను మూసి చూస్త!" అని వెనక బెంచీ పిల్లే ముందు దూకింది.

"గుంజకుండ్రి, చినుగుతది! ఒక్కొక్కరు రండ్రి!"

మనవరాలి గొంతు వరండా దాకా వినిపిస్తోంది. ఇక నాతో పనేముంది? చెప్పులేసుకుని బస్సు స్టాపు దారి పట్టాను.