వడ్ల బస్తాల మధ్య అవ్వ గొంతు

బొమ్మ బాగుంటే చాలు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బొమ్మ కాస్త మసకబారినా కన్ను సర్దుకుపోతుంది. మాట చెడితే చెవి సర్దుకోదు. ఇది నాకు ఏ బడీ చెప్పలేదు. నిజామాబాద్‌లో పెళ్లి వీడియోలు తీస్తూ, క్యాసెట్లు పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను.

తొంభైలలో, చెరకు ఆడే కాలంలో, బోధన్ రైతు ఒకాయన నన్ను ఇంటికి తీసుకుపోయాడు. అతని తల్లికి గొంతులో పుండు. ఆపరేషన్ అయితే ఇక మాట రాదని డాక్టరు చెప్పాడట. ఆ క్రైస్తవ కుటుంబంలో ఎవరి పెళ్లయినా తల మీద చెయ్యి పెట్టి దీవెన ప్రార్థన చెప్పేది ఆ అవ్వే. వచ్చే ఎండాకాలంలో మనవరాలి పెళ్లి. ఆ దీవెనను ముందే క్యాసెట్‌లో పట్టాలి. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే అవ్వ ఆపరేషన్‌కు హైదరాబాద్ పోతోంది.

వీడియో అనగానే వాళ్లు ముందుగదికి సున్నం వేసి, మంచాలు, బొంతలు అన్నీ బయటపడేశారు. గది బోసిగా మెరిసిపోతోంది. తీశాను. టీవీలో పెడితే అవ్వ ముఖం మీది ముడత ముడతా కనబడింది. ఇల్లంతా సంబరం. నాకు మాత్రం కోపం ఆగలేదు.

"కండ్లు మూసుకో తమ్మీ. అమ్మ ఏమన్నదో చెప్పు" అన్నాను.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. ముఖం వాడిపోయింది.

"ఫ్యానే ఇనవడ్తున్నదన్నా."

ఫ్యాను, ఫ్రిజ్జు, రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు. దూరంగా ఉన్న కెమెరా మైకు ఇల్లంతటినీ ఒక్కలాగే విన్నది. బోసి గోడలేమో అవ్వ మాటను బావిలో పడ్డట్టు మోగించాయి. ఒకసారి అట్లా కలిసిపోయాక విడదీయడం నా చేతిలో లేదు. మళ్లీ తీయాల్సిందే. వెనక వడ్ల బస్తాల గది చూపించాను.

"గోదాములనా? పెండ్లిల మా అమ్మను చీకట్ల సూపెడ్తవా? సుట్టాలు నవ్వుతరు."

"నవ్వనియ్యి. మాటైతే ఇంటరు."

ఫ్యాను, ఫ్రిజ్జు, పొయ్యి మీది కుక్కరు అన్నీ ఆపించాను. బస్తాలు మాటను మింగి తిరిగి మోగనియ్యవు. తలుపుకు బొంతలు కట్టాం. కాలర్ మైకును అవ్వ నోటికి జానెడు కింద, ఊపిరి నేరుగా కొట్టకుండా కొంచెం పక్కకు, చీర అంచు రాసుకోకుండా పెట్టాను. గాజులు తీయించాను. రెండు మాటలు ముందు పట్టి, హెడ్‌ఫోన్‌లో విని, సరేననుకుని మొదలుపెట్టాను. అంతలో రోడ్డు మీద ట్రాక్టరు మోత. కొడుకు ఒక్క పరుగున రోడ్డెక్కి చేతులడ్డం పెట్టాడు. డ్రైవర్లు తిట్టినా కదల్లేదు.

నిశ్శబ్దం. అవ్వ మొదలుపెట్టింది. గొంతు బొంగురే, కానీ ప్రతి మాటా నా చెవి పక్కనే చెబుతున్నట్టు వినిపించింది. అయిపోగానే క్యాసెట్ వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టాను. ఆమె తన గొంతు తాను స్పష్టంగా వినడం అదే మొదటిసారి.

"గిది నేనేనా? గింత ముసలైనదా నా గొంతు?" అని నవ్వింది. తర్వాత మనవరాలిని దగ్గరికి పిలిచి హెడ్‌ఫోన్ ఆమెకిచ్చింది.

"నువ్వు గూడ ఇను బిడ్డా. పెండ్లినాడు నేను చెయ్యి పెడ్త. మాట గీ క్యాసెట్లకెంచి వస్తది."