తొమ్మిది వరదల తర్వాత

పట్టిసీమ రేవులో వెంకన్నను సరంగు అని పిలవడం మానేసి తొమ్మిదేళ్ళయింది. భార్య వీరవేణికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన రోజున చుక్కాని వదిలి లాంచీ దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. గంజి తాగించడం, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ తనే. ఇంట్లో ఆయా అయ్యాడని రేవులో నవ్వుకున్నారు. వాళ్ళకి జవాబు చెప్పే తీరిక అతనికి లేదు. పోయిన కార్తీకంలో వీరవేణి పోయింది. ఇక ఇంట్లో మిగిలింది ఖాళీ మంచం, ఇంటర్ చదివే కూతురు సాయిదుర్గ, అడుగంటిన బియ్యం డబ్బా.

కాకినాడ వెళ్ళి లైసెన్సు తిరిగి రాయించుకుని, మాఘమాసంలో లాంచీ ఓనరు బుల్లిరాజు గారి ముందు నిలబడ్డాడు. ఆయన సరంగు వేరే లాంచీకి వెళ్ళిపోయి వారం కూడా కాలేదు.

"దేవుడు పంపినట్టు వచ్చావురా. ఆదివారం పెళ్ళివారి ట్రిప్పుంది, పాపికొండలకి. నువ్వే తిప్పాలి."

"చాన్నాళ్ళయిందండి. ఒకసారి ఖాళీగా తిప్పి చూస్తానండి."

"చూడు. గోదారి ఎక్కడికి పోద్ది?"

మర్నాడు పోలవరం దాకా వెళ్ళి వచ్చే పని పెట్టారు. ముందు భాగంలో వెదురు గెడ పట్టుకుని ఏసురాజు నిలబడ్డాడు. గెడ నీళ్ళలో దించి, లోతు మనిషి ఒంటి కొలతల్లో అరిచి చెప్పడం వాడి పని. ఆరేళ్ళుగా అదే చేస్తున్నాడు. ఏడాది కిందట సరంగు లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు గాని, బుల్లిరాజు గారు వాడికి చుక్కాని ఇవ్వలేదు. మీసం సరిగ్గా రాలేదట.

పోయేటప్పుడు వెంకన్న భయంభయంగా, ఏసురాజు మాట వింటూ నడిపాడు. ఏమీ కాలేదు. అదే కొంప ముంచింది. తిరుగు ప్రయాణంలో పోలవరం సంత నుంచి బుట్టలతో పదిమంది ఆడవాళ్ళు ఎక్కారు. ఏటి వాలు. ఎదురుగా పట్టిసీమ గుడి శిఖరం, దాని వెనక కొండ మెడ ఒక్క గీతలోకి వచ్చాయి. అవి అలా కలిస్తే చుక్కాని ఎడమకి తిప్పాలి. పాతికేళ్ళ వయసు నుంచి అతని చేతులకి తెలిసిన సంగతి. చేతులు తిప్పేశాయి.

"నిలువు!" అన్నాడు ఏసురాజు. వెంటనే, "రొమ్ము! నడుము! బాబాయ్, ఆపు!"

అడుగున ఇసుక గరగరమంది. ముక్కు మేటలో దిగబడింది. వెనక భాగాన్ని ప్రవాహం నెట్టుకుపోయి లాంచీని మెల్లగా అడ్డం తిప్పసాగింది. ఏమైందో చూద్దామని ఆడవాళ్ళంతా ఒకే పక్కకి లేచారు. అటు అంచు నీటికి బెత్తెడు దూరంలోకి ఒరిగింది. ఒక బుట్ట జారి నీళ్ళలో పడింది, చప్పుడు కూడా పెద్దగా లేదు.

"ఎక్కడోళ్ళు అక్కడ కూర్చోండమ్మా. కదలకండి," అన్నాడు వెంకన్న. తొమ్మిదేళ్ళు మంచం పక్కన మాట్లాడిన గొంతు అది. కూర్చున్నారు. ఇంజను వెనక్కి తిప్పుతూ, ఏసురాజు గెడతో నెడుతుంటే, చాలాసేపటికి లాంచీ విడిపడింది.

గుడి కదల్లేదు. కొండ కదల్లేదు. కింద ఏరు మాత్రం తొమ్మిది వరదలకి తొమ్మిదిసార్లు పక్క మార్చుకుంది.

రేవులో బుల్లిరాజు గారు తేలిగ్గా తీసేశారు. "ఇసక తగలని సరంగెవడ్రా? ఆదివారం జాగ్రత్తగా పోనీ."

"నేను నడపనండి."

"మరి తిండి?"

"చుక్కాని ఏసురాజుకివ్వండి. గెడ నేను పడతాను. ఈ ఎండాకాలం, వచ్చే వరద, ఆ పై ఎండాకాలం చూస్తాను. అప్పుడడుగుతాను."

"గెడ కూలీ సగమేరా. పెద్ద సరంగువి, కుర్రోడి ముందు నిలబడి లోతు అరుస్తావా? సిగ్గుండక్కర్లా?"

"పదిమంది కాబట్టి సరిపోయిందండి. ఆదివారం ఎనభై మంది."

బుల్లిరాజు గారు చుట్ట వెలిగించుకుని నది కేసి చూశారు. ఆ తర్వాత ఏసురాజును పిలిచారు.

రాత్రి సాయిదుర్గ అడిగింది. "సగం జీతమా నాన్నా?"

"ఊఁ. ఏరు నేర్చుకోవాలమ్మా మళ్ళీ."

ఆదివారం తిరుగు ప్రయాణంలో లాంచీ పైన సన్నాయి మోగుతోంది. పిల్లలు ఈ అంచు నుంచి ఆ అంచుకి పరుగులు తీస్తున్నారు. గుడి శిఖరం, కొండ మెడ ఒక్క గీతలోకి వస్తున్నాయి. వెంకన్న చేతులు గెడ మీదే ఎడమకి తిరగబోయాయి. బిగించి పట్టుకుని దించాడు.

"నడుము!"

వెనక ఏసురాజు చుక్కాని కుడికి తిప్పాడు. అటు పక్క వెంకన్న తన కాలంలో పశువులు దాటడం చూసిన చోటు, అప్పట్లో మోకాలి లోతు. గెడ దించాడు. చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచాడు. భుజం దాకా ముంచాడు. కొసకి ఏదీ తగల్లేదు.

"అందలేదు," అని అరిచాడు. ఏసురాజు అటే పోనిచ్చాడు. వెంకన్న గెడ పైకి లాగి, మళ్ళీ దించాడు.