ఎనిమిది నుంచి రెండుకి

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మా నాన్న అప్పటికి ముప్పై ఏళ్లుగా కంప్రెసర్ నడుపుతున్నారు. గాలిని ఎనిమిది అట్మాస్ఫియర్ల ఒత్తిడికి ఎక్కించడం ఆయన డ్యూటీ. అంత ఒత్తిడి కావలసిన గాలిసుత్తులు ఎప్పుడో పోయాయి. మిగిలింది దుమ్ము ఊదడమే. దానికోసం ఒక వాల్వు ఆ గాలిని రెండుకి దించేది. తగ్గించి నడపమని ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు వర్క్‌షాపుకి వెళ్లి పట్టుకు చూస్తే, పైపు వాల్వుకి అటూ ఇటూ ఒకే వేడిగా ఉంది; దాంతో శక్తి ఏమీ పోలేదని ఇంజనీరింగ్ చదివే నేను పెద్ద పోటుగాడిలా తేల్చేశాను. ఇంటికొచ్చి లెక్క కడితే తెలిసింది: శక్తి అంతే ఉంది, పని చేయించగల సత్తాలో మూడింట రెండు వంతులు ఆ వాల్వులోనే నాశనం. అదే ఎక్సర్జీ నష్టం అని నాన్నకి చెప్పాను.

"మళ్లీ రాదేటి?" అన్నారు నాన్న.

"రాదు."

"అయితే ఇన్నేళ్లూ నాను ఏటి సేసినాను?"

నేను పుస్తకం మూసేశాను. మర్నాడు ఆయన ఎప్పట్లాగే వెళ్లి, గేజి ముల్లుని ఎనిమిదికి ఎక్కించారు.