రబ్బరు రింగు కింద

"...మరి నేను వెయ్యకుంటె ఎల్లిగడ్డ వాసన ఎట్లొచ్చింది స్వామీ, గోడలకెల్లి వచ్చిందా?"

"నన్నడుగుతవేంది? ఇరవై ఏండ్లు బొగ్గుబావిల పొగ పీల్చిన ముక్కుకే తెలుస్తాంది. నీ ముక్కుకేమైంది?"

వెనక తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్న సారవ్వ ఆగిపోయింది. లోపల జైపాల్ హనుమాన్ మాల దీక్షలో ఉన్నాడు. మాల వేసుకుని మూడో రోజు. భార్య తిరుమల ఆ పొద్దున భజనకు కూడా పోకుండా కొబ్బరి చట్నీ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. మాల ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ముట్టరు.

సారవ్వను చూసి ఇద్దరూ మాట్లాడటం మానేశారు. ఆమెకు అదే నచ్చలేదు.

గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల లైనులో సారవ్వ నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది. తిరుమల పొద్దున భజనకు పోతుంది కాబట్టి ఆ ఇంటి తాళంచెవి సారవ్వ కొంగుముడిలోనే ఉంటుంది. లైనులో ఇంకెవరూ పనిమనిషికి తాళంచెవి ఇవ్వలేదు. ఈ ఒక్క ఇల్లు ఇచ్చినందుకే మిగతా మూడిళ్లు ఆమెను వంటింట్లో ఒక్కదాన్నీ వదిలిపెడతాయి. ఒక ఇంట్లో మాట పోతే సాయంత్రానికి నాలుగిళ్లలోనూ పోతుంది.

ఆమె భర్త బుచ్చన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. షిఫ్టు దిగి అలిసిపోయి వచ్చినా, "దీపం అప్పజెప్పిందాక డ్యూటీ అయినట్టు కాదే" అనేవాడు. తలకు పెట్టుకునే ఆ దీపాన్ని పైకొచ్చాక దీపాల గదిలో అప్పజెప్పనివాడు ఇంకా బావిలోనే ఉన్నట్టు లెక్క. ఆయన నుంచి సారవ్వకు మిగిలినవి తక్కువే. ఆ మాట మాత్రం మిగిలింది.

"సారవ్వా, గీ జారు వాసన చూడు," అంది తిరుమల.

సారవ్వ మిక్సీ జారు అందుకుంది. స్టీలు మెరుస్తోంది. కానీ మూత దగ్గరికి ముక్కు పోగానే మసాలా గుప్పున తగిలింది. ఎల్లిగడ్డ, లవంగం, ఇంకేదో పాచి వాసన.

"సోమవారం ఇల్లంత కడిగి, అన్ని గిన్నెలు నువ్వే తోమినవు గద?"

"తోమిన తిరుమలమ్మా. జారు సబ్బునీళ్లు పోసి రెండుసార్లు తిప్పిన."

"మాల వేసుకున్నంక ఈ చట్నీ కోసం నేను గీ జారు తీసింది నిన్న సాయంత్రమే. నిన్న పొద్దున నేను భజనల ఉన్న, స్వామి డ్యూటీల ఉన్నడు. తాళంచెవి నీ దగ్గర ఉన్నది. టీచరమ్మ మిక్సీ రిపేరుకు పోయిందట గద?"

పక్క క్వార్టరులో సుసన్నా టీచర్ ఉంటుంది. నిన్న ఆమె కూతురు సారిక వచ్చిందని మటన్ వండారు. ఆ వాసన లైనంతా తిరిగింది. సారవ్వ అక్కడా పనిచేస్తుంది. లెక్క ఎటు పోతోందో ఆమెకు అర్థమైంది.

"మసాలా మా ఇంటికాడ రోట్ల నూరి తీస్కపోయిన. మీ జారు ముట్టలే."

"ఎవరు చూసిన్రు?"

"రోలు చూసింది."

జైపాల్ నవ్వబోయి మాల గుర్తొచ్చినట్టు ఆగాడు. తిరుమల నవ్వలేదు.

"చేతులు చూపెట్టు."

సారవ్వ రెండు చేతులూ చాపింది. తిరుమల వంగి వాసన చూసింది. సబ్బు వాసన తప్ప ఏమీ దొరకలేదు. అయినా ఆమె మొహంలో ఏమీ మారలేదు. కాసేపటికి అలమరలో చెంచాలు కూడా తిరుమల ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్న చప్పుడు సారవ్వకు వినబడింది.

పెరటి గోడ అవతల బట్టలు ఆరేస్తున్న సుసన్నా టీచర్ తల ఎత్తింది. "ఏందమ్మా తిరుమలా, నా పేరు వినబడ్డది?"

"ఏం లేదు టీచర్. నిన్న మసాలాకు మిక్సీ లేక తిప్పలైందా అని."

"తిప్పలేంది, సారవ్వ నూరి తెచ్చింది. ధనియాలు, కొబ్బరి. మిక్సీకన్న మంచిగ నలిగింది."

తిరుమల "అట్లనా" అంది. ఆ మాట లాగి అన్నది. ఇద్దరూ కలిసి చెప్పుకున్నారేమో అన్నట్టుంది.

సారవ్వ జారు, మూత తీసుకుని పెరట్లో నల్లా దగ్గర పీట వేసుకుని కూర్చుంది. "మీ ముంగటే కడుగుత. చూడుండ్రి." మూత తిప్పింది. అంచున నల్లటి రబ్బరు రింగు గాడిలో బిగిసి ఉంది. దాన్ని వేలితో నొక్కితే సన్నగా పసుపు నీరు ఊరింది.

"ఇది తియ్యాలె."

"వద్దు. పోయినేడు ఒకటి తెగితే కొత్తది సరిగ పట్టక గోడంత చట్నీ చిందింది. రబ్బరు ముట్టద్దని నీకు అప్పుడే చెప్పిన గద?"

"చెప్పిన్రు. అందుకే ఏడాది నుంచి ముట్టలే."

తిరుమల, సారవ్వ ఒకరినొకరు చూసుకున్నారు. జైపాల్ గడప మీద నుంచి, "తియ్యనియ్," అన్నాడు.

సారవ్వ చెంచా కాడ మొద్దు వైపు గాడిలోకి దూర్చి, లాగకుండా, చుట్టూ కొంచెం కొంచెం లేపింది. రింగు ఊడి వచ్చింది. కింద గాడి నిండా పసుపు, నలుపు కలిసిన ముద్ద పేరుకుని ఉంది. పైన మెత్తగా ఉంది. అడుగున గోరుతో గీకితే పెచ్చులా లేచింది. ఆ పెచ్చులో ఎల్లిగడ్డ పొట్టు ఒకటి. సన్నటి తెల్లని గింజలు.

తిరుమల వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"గసగసాలు," అంది సుసన్నా గోడ మీద నుంచి వంగి చూసి. "నేనైతే మటన్‌ల వెయ్య."

ఆదివారం, మాలకు ముందు ఆఖరిసారి అని, తిరుమల చెల్లెలి కుటుంబాన్ని పిలిచి మటన్ వండింది. గసగసాలు తనే నూరింది. జైపాల్ ఆ సంగతి చెప్పబోతే, "నాకు తెలుసు," అంది.

సారవ్వ ఎవరి మొహమూ చూడలేదు. గోరువెచ్చని నీళ్లలో తినే సోడా వేసి రింగు, మూత నానబెట్టింది. "మరిగే నీళ్లు పోస్తే రబ్బరు సాగుతది," అని ఎవరూ అడగకుండానే చెప్పింది. జారులో సగం నీళ్లు, ఒక చుక్క సబ్బు, రెండు నిమ్మతొక్క ముక్కలు వేసింది. తిరుమల వేరే మూత పెట్టి గట్టిగా పట్టుకుని రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పింది. పారబోశాక సారవ్వ పాత బ్రష్షుతో బ్లేళ్ల కిందికి పోయి రుద్దింది. అక్కడా పచ్చటి పీచు వచ్చింది. జారు అడుగున మిక్సీకి తగులుకునే భాగం నీళ్లలో మునగకుండా చేత్తో ఎత్తి పట్టుకుంది.

పదిహేను నిమిషాల తర్వాత గాడిని అదే బ్రష్షుతో తోమి, రింగును నిమ్మతొక్కతో రుద్ది కడిగింది. మూత మీద పసుపు మరక మిగిలింది. "ఎండల పెడితే రెండు మూడు రోజులకు పోతది. రబ్బరు మాత్రం నీడకు ఆరాలె, ఎండకు గట్టిపడతది." జారు బోర్లించింది. రింగును గుడ్డ మీద పరిచింది. పూర్తిగా ఆరాకే బిగించాలని, తడి ఉంటే మళ్లీ పాచి పడుతుందని చెప్పింది.

పన్నెండు దాటాక రింగు బిగించి తిరుమల కొబ్బరి మళ్లీ నూరింది. జైపాల్ వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నాడు.

"లేదు," అన్నాడు.

"రింగులోదే అన్నట్టు," అంది తిరుమల. "ఇగ రోజు రబ్బరు తీసి కడుగు సారవ్వా. నేనేమనను," అంది. ఆ మాటతో సంగతి అయిపోయినట్టు చట్నీలోకి తాలింపు గరిటె అందుకుంది. అందుకునే ముందు, ఎందుకో, సారవ్వ చేతుల వైపు ఒకసారి చూసింది.

సారవ్వ ఆ చూపు చూసింది. చేతులు తుడుచుకుంది. కొంగుముడి విప్పి తాళంచెవి తీసి, దీపం అప్పజెప్పినట్టు, కిటికీ గూట్లో పెట్టింది.

"రేపటి నుంచి మీరు భజన నుంచి వచ్చినంకనే వస్త తిరుమలమ్మా. మీరు ఇంట్ల ఉన్నప్పుడే కడుగుత."