ఆరిన మొదటి దీపం

ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, వరంగల్‌లోని మా ల్యాబ్‌లో వోల్టేజీని అంకెగా మార్చే సర్క్యూట్లు రెండు కట్టాం. మొదటిది ఫ్లాష్ రకం; దాంట్లో వోల్టేజీ ఎక్కువో తక్కువో పోల్చే కంపారేటర్లు ఏడూ ఒకేసారి తీర్పు చెప్పేవి. వోల్టేజీని మార్చే నాబ్ ఎంత జోరుగా తిప్పినా, అంకెను చూపే దీపాలు వెంటనే మారేవి. కానీ దానికి తెలిసినవి ఎనిమిది మెట్లే. రెండు మెట్ల నడుమ నాబ్ కదిలితే ఉలకదు, పలకదు.

రెండోదానికి కంపారేటర్ ఒక్కటే, మెట్లు రెండువందల యాభై ఆరు. ముందు సగంతో పోల్చి చూస్తుంది, తర్వాత పావుతో, ఆ తర్వాత అందులో సగంతో. ఆ నిర్ణయాలు కంటికి కనబడాలని దాన్ని తనంతట తానే నడిపించే క్లాక్ బదులు బటన్ పెట్టుకున్నాం. నొక్కినప్పుడల్లా ఎనిమిది దీపాల్లో ఒక్కోటి వెలగాలో ఆరాలో తేలుతుంది.

వోల్టేజీ సగానికి తక్కువుందని మొదటి దీపం ఆరింది. అంతలోనే హసన్‌పర్తి నుంచి వచ్చే నా జోడీదారు వోల్టేజీ పూర్తిగా పెరిగేలా నాబ్‌ను చివరిదాకా తిప్పేశాడు.

"జర ఆగరాదు, అదింకా తూస్తాంది" అని కసిరాను.

"ఏం కాదు తియ్, నొక్కు."

కోపంగానే ఏడుసార్లు నొక్కాను. మిగిలిన ఏడు దీపాలూ వరసగా వెలిగి నిలిచాయి. కాదన్న మొదటి దీపం జోలికి అది మళ్లీ పోలేదు. చేతిలో మిగిలినదంతా పెట్టి, సగానికి ఒక్క మెట్టు కింద ఆగిపోయింది.