రెండు తేదీల మధ్య ఆగిన ఫ్యాను

బిల్లు కింది వరుసలు సరిగ్గా కనపడక ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాను. కాగితం అంచు అవతల, సిమెంటు గచ్చు మీద ఒక పసికాలు కనిపించింది. మోకాలి మడతలో చెమటకాయలు ఎర్రగా, గుత్తులుగా ఉన్నాయి. ఆ కాలు సత్తువ లేనట్టు వాలిపోయి ఉంది. బిల్లుతో పాటు వచ్చిన మెసేజ్ మళ్లీ చదివాను. "దీదీ, ఇందులో కింద రెండు తేదీలున్నాయి. ఏ తేదీ దాటాక ఫ్యాను వేసుకోవచ్చు?"

కరెంటు బిల్లుకీ ఫ్యాను వేసుకోవడానికీ సంబంధమేమిటో అప్పటికి నాకు తెలియదు. పాప గురించి మాత్రం భయం వేసింది.

మెసేజ్ పంపినామె ఒడిశా అమ్మాయి. భర్తకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికితే రెండు నెలల కిందట మా వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. హాస్టల్లో నేర్చుకున్న నా హిందీ, ఆమె హిందీ కలిసి మాకు మాటలయ్యాయి. తెలుగు మాట ఆమెకు కొంచెం అర్థమయ్యేది గానీ అక్షరం రాదు. గ్యాస్ రసీదు, టీకాల కార్డు, ఏది చేతికొచ్చినా ఫొటో తీసి నాకు పంపేది. అడగడానికి మొహమాటపడేది కాదు. అది నాకు మొదటి నుంచీ నచ్చింది.

వెంటనే ఫోన్ చేశాను.

"పాప ఏం చేస్తోంది?"

"పడుకుంది దీదీ. పొద్దుటి నుంచీ పడుకునే ఉంది."

"ఉచ్చ ఎప్పుడు పోసింది?"

"రాత్రి," అంది.

నా పిల్లలిద్దరినీ మా అత్తకు అప్పజెప్పి, ఇంట్లో ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకుని పరిగెత్తాను. మే నెల మధ్యాహ్నం. పులికాట్ సరస్సు మీంచి వచ్చే గాలి కూడా ఆ వేళకు ఉప్పగా, వేడిగా ముఖానికి అంటుకుంటుంది. రేకుల కప్పు కింద ఆ గదిలో ఆమె అట్టపెట్టె మూతతో బిడ్డకు విసురుతూ కూర్చుని ఉంది. జాకెట్ వీపంతా తడిసిపోయింది. ఫ్యాను తలపైనే ఉంది, తిరగడం లేదు. స్విచ్ మీదికి చెయ్యి పోనిస్తే గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు దీదీ. ఇంక ఒక్క యూనిటే ఉంది."

గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలు చూపించింది. బిల్లులో అరవై ఎనిమిది యూనిట్లు. డెబ్బై అయిదుకు ఇంకా ఏడు మిగిలాయి. బిల్లు కాగితం వచ్చిన రోజు నుంచి మీటరు చూసి ఆ ఏడింటినీ పొదుపుగా వాడుకుంటూ వస్తోంది. పగలు ఫ్యాను లేదు. రాత్రిపూట, డ్యూటీ నుంచి వచ్చిన భర్తకు నిద్రపట్టే దాకా వేసేది. నిన్నటి నుంచి అదీ లేదు. గడువు తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఆ రోజుతో లెక్క ముగుస్తుందని ఆమె అనుకుంది. కానీ కాగితం మీద ఇంకో తేదీ కూడా ఉంది. లెక్క ముగిసేది దానితో అయితే ఎలాగని అనుమానం వచ్చి నాకు ఫొటో పంపింది.

గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న, ఆ గది అద్దెకిచ్చిన ఇంటామె తలెత్తింది. "నేనే చెప్పినానమ్మే. డెబ్బై అయిదు దాటిందంటే మొదటి యూనిట్ కాడ్నించి రేటు మారిపోతాది. ఆ పిల్ల మంచికే గదా చెప్పింది."

"అది పాత లెక్కక్కా. ఇప్పుడు అట్లా లేదు."

"నీకు చదువుంది, ఏదైనా చెప్తావులే. బిల్లు నువ్వు కట్టేది కాదు గదా."

ఇంటామె అబద్ధం చెప్పలేదు. కొన్నేళ్ల కిందటి దాకా నిజంగానే అలా ఉండేది. మా అమ్మ కూడా నెలాఖరున మిక్సీ ఆపేసి రోట్లో రుబ్బేది.

నేను బిల్లు పట్టుకుని పాప పక్కన కూర్చున్నాను. "ఇది రీడింగ్ తీసిన తేదీ," అని పై వరుస చూపించాను. "నీ అరవై ఎనిమిది ఆ రోజుతో ముగిసిపోయింది. ఆ తర్వాత కాలిందంతా వచ్చే బిల్లులోది. కింద ఉన్నది డబ్బు కట్టడానికి గడువు. దాని తర్వాతది, అప్పటికీ కట్టకపోతే కరెంటు తీసేసే తేదీ. ఈ రెండింటికీ యూనిట్లతో పని లేదు."

ఆమె నా ముఖం చూసింది, కాగితం చూసింది. లేచి తనే స్విచ్ వేసింది.

ఫ్యాను తిరుగుతుంటే తడిగుడ్డతో పాప ఒళ్లు తుడిచి, చెంచాతో ఓఆర్ఎస్ పట్టాం. నాలుగు చెంచాలు లోపలికి పోయాక పాప కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి హాయిగా ఉంది. షేర్ ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. ఒంట్లో నీరు తగ్గిందని, సమయానికి తెచ్చారని నర్సు చెప్పింది. సాయంత్రానికి పాప నా చీర తడిపేసింది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

తిరిగొచ్చాక ఆమె పాపను పడుకోబెట్టి, బిల్లు మళ్లీ తీసింది. "గడువు సంగతి అర్థమైంది. డెబ్బై అయిదు సంగతి ఇంకా కాలేదు. ఈ నెల ఫ్యాను ఆపను, కాబట్టి దాటుతుంది. అప్పుడేమవుతుంది?"

మూడు స్టీలు గిన్నెలు వరసగా పెట్టాను. మొదటి దాంట్లో ముప్పై యూనిట్లు పడతాయి, ఒక్కొక్కటి రూపాయి తొంభై పైసలు. అది నిండాకే రెండోది. అందులో డెబ్బై అయిదు దాకా, మూడు రూపాయల చొప్పున. అదీ నిండితే మూడోది, నాలుగున్నర. మూడో గిన్నెలో పడిన వాటికే ఆ రేటు. మొదటి రెండు గిన్నెల్లోవి ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆమె తలూపింది గానీ నమ్మలేదు. "మీ బిల్లు చూపించు," అంది.

ఫోన్‌లో మా పోయిన నెల బిల్లు ఉంది. నూట పది యూనిట్లు. ఆమె గోడ మీద సుద్దతో లెక్క వేసింది. యాభై ఏడు, నూట ముప్పై అయిదు, నూట యాభై ఏడున్నర. కూడి, బిల్లులో విద్యుత్ ఛార్జీల వరుస ఎక్కడుందో నన్నడిగి, పక్కన పెట్టి చూసింది. మూడు వందల నలభై తొమ్మిదిన్నర. రెండూ ఒకటే. అప్పుడు నవ్వింది. మిగతా వరుసలూ వదల్లేదు. ఇంటికి రాయించుకున్న లోడు ప్రకారం ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు ఆరు పైసల సుంకం, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే సర్దుబాటు పేరుతో వేసేది. ఒక్కో దాని పక్కన ఒడియాలో రాసుకుంది. నేనైతే అన్నేళ్లుగా కింది మొత్తం చూసి కట్టేసేదాన్ని.

గోడ చూసి ఇంటామె కేకేసింది. "సున్నం కొట్టించుకోవాల్సింది నేను, ఏందమ్మే ఆ రాతలు?" అని దగ్గరికొచ్చి, ఆ మూడు అంకెలు ఏమిటో చెప్పించుకుంది. "అయితే నా మనవడికి గూడా ఫ్యాను ఆపినానే మొన్న," అంది. పోతూ పోతూ పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు రాత్రి మా పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమె చేసిన పనే కళ్ల ముందుంది. నేను చెప్పానని ఊరికే నమ్మి ఉంటే రేపు ఇంకొకరు చెప్పిందీ నమ్మేది. బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని, తనకు రాని భాషలో ఉన్న కాగితాన్ని తనంతట తాను సరిచూసుకుంది.

ఇవాళ పొద్దున మా పెద్దవాడు చెల్లి ఇంకా నిద్రపోతుండగానే గదిలో ఫ్యాను ఆపి వచ్చాడు. రోజూ నేను తిట్టి నేర్పిన అలవాటే. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఖాళీ గదిలో ఫ్యాను ఆపండి. లోపల మనిషుంటే, అడిగి ఆపండి. మాటలు రాని బిడ్డ ఉంటే అసలు ఆపొద్దు."